‘నీ కారులో రాను, క్యాబ్ చెప్పా’: ఒక చిన్న మెసేజ్ ఎలా పనిచేస్తుంది

హైదరాబాద్ శివారులో శామీర్‌పేట దాటాక ఒక ఫంక్షన్ హాల్. రాత్రి 11.15. రిసెప్షన్ అయిపోయింది, భోజనాల దగ్గర కుర్చీలు మడతపెడుతున్నారు. కూకట్‌పల్లి నుంచి ఒకే కారులో వచ్చిన స్నేహితులిద్దరిలో ఒకడు తాగలేదు, వాడికి డ్రైవింగ్ రాదు. కారు ఉన్నవాడు తాగి, పార్కింగ్ పక్కన నలుగురితో నిలబడి ‘ఇంక పోదాం పద’ అంటున్నాడు. పది అడుగుల దూరంలో ఉన్న తాగనివాడు నోరు తెరవకుండా ఫోన్‌లో ఇలా కొట్టాడనుకుందాం:

‘మామా, నేను నీ కారులో రాను. క్యాబ్ బుక్ చేశా, 11.40కి గేటు దగ్గరికి వస్తది. నువ్వూ రా, ముందు నిన్ను దింపి నేను పోతా. కారు ఇక్కడే ఉండనీ, వాచ్‌మన్‌కి చెప్పా. పొద్దున 9కి ఇద్దరం వచ్చి తెచ్చుకుందాం.’

ఇది ఊహించి రాసిన మెసేజే అయినా, ఇలాంటివి ప్రతి శనివారం రాత్రీ ఎక్కడో ఒకచోట వెళ్తూనే ఉంటాయి. కొన్ని పనిచేస్తాయి, చాలావరకు పనిచేయవు. పైన రాసింది పనిచేసే రకం. ఎందుకో చూడాలంటే అందులో ఏముందో చూసే ముందు ఏం లేదో చూడాలి. ‘నువ్వు తాగావు’ అన్న మాట అందులో ఎక్కడా లేదు.

ఆ మాట లేకపోవడం మర్యాద కోసం కాదు. తాగాడా లేదా, ఎంత తాగాడు, నడపగలడా లేదా అన్న ప్రశ్న ఒకసారి బయటికొస్తే దానికి జవాబు చెప్పేది తాగినవాడే. ‘రెండే పెగ్గులు రా’, ‘నాకేమన్నా తూలుతుందా చూడు’, ‘ఎన్నిసార్లు రాలేదు ఇట్ల’. ఇవన్నీ అబద్ధాలేమీ కావు. తనకు నిజంగానే బాగున్నట్టు ఉంటుంది. చిక్కంతా అక్కడే ఉంది.

1919లో ఎడ్వర్డ్ మెల్లన్‌బీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో ఒక విషయం గమనించాడు. రక్తంలో ఆల్కహాల్ పెరుగుతున్నప్పుడు ఒక స్థాయి దగ్గర కనిపించిన మత్తు, తగ్గుతూ మళ్లీ అదే స్థాయికి వచ్చినప్పుడు అంతగా కనిపించదు. తర్వాత మనుషుల మీద జరిగిన పరిశోధనల్లో దీనికి ఇంకో సంగతి తోడైంది. ‘దిగిపోయింది’ అన్న భావన ముందు వస్తుంది, బండి నడిపే సామర్థ్యం ఇంకా వెనకే ఉంటుంది. అంటే పదిన్నరకు కాస్త ఊగినవాడు పదకొండుంపావుకు ‘ఇప్పుడు ఓకే’ అంటున్నాడంటే, ఆ ఓకే చెప్పేది లోపలి మీటరు, తాగినప్పుడు ముందు చెడేది కూడా ఆ మీటరే. దాన్ని సాక్ష్యంగా పిలిచి వాదన పెట్టుకుంటే గెలవడం కష్టం.

అసలు ఎంత ఉంటుందో ఒకసారి లెక్క వేసుకుంటే మెసేజ్‌లో ‘పొద్దున 9’ ఎందుకుందో కూడా తెలుస్తుంది. మన దగ్గర దొరికే విస్కీ మామూలుగా 42.8 శాతం. పెద్ద పెగ్గు 60 మిల్లీలీటర్లు. అందులో శుద్ధ ఆల్కహాల్ సుమారు 20 గ్రాములు. 70 కిలోల మగవాడికి ఒక పెద్ద పెగ్గు పూర్తిగా ఒంటబట్టాక 100 మిల్లీలీటర్ల రక్తంలో దాదాపు 43 మిల్లీగ్రాములు తేలుతుంది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ పెట్టిన హద్దు 30. ‘ఒక్కటేగా’ అన్న పెగ్గు చిన్నది కాకపోతే, తాగిన కాసేపటికి ఆ ఒక్కటే హద్దు దాటించేస్తుందన్నమాట. ఆడవాళ్లలో, బరువు తక్కువున్నవాళ్లలో అంకె ఇంకా పైకి పోతుంది.

ఇప్పుడు మన స్నేహితుడు ఎనిమిదిన్నరకు మొదలుపెట్టి మూడు పెద్ద పెగ్గులు వేశాడనుకుందాం. మొత్తం 128 దాకా. కాలేయం గంటకు సుమారు 15 చొప్పున తీసేస్తుంది. రెండుమ్ముప్పావు గంటల్లో 40 పోతే 11.15కి ఇంకా 85, 90 మధ్య ఉంటుంది. అది 30కి దిగాలంటే తెల్లవారుజామున మూడు అవుతుంది, పూర్తిగా పోవాలంటే ఐదు. ఇది సగటు లెక్క మాత్రమే, మనిషిని బట్టి, తిండిని బట్టి అటూ ఇటూ అవుతుంది. చివరి పెగ్గు పది నిమిషాల క్రితమే పడి ఉంటే అది ఇంకా రక్తంలోకి పూర్తిగా చేరనే లేదు, కారెక్కాక చేరుతుంది. బయల్దేరినప్పటికంటే మేడ్చల్ దగ్గర మత్తు ఎక్కువగా ఉండొచ్చు.

కాలేయానికి తొందర పెట్టే మందు లేదు. నిమ్మకాయ నీళ్లు, మజ్జిగ, బ్లాక్ కాఫీ, మొహం మీద చన్నీళ్లు, బలవంతాన కక్కడం, ఇవన్నీ ఫంక్షన్ హాల్ వెనక జరిగే వైద్యాలు. కాఫీ నిద్ర ఆపుతుందే కానీ ఆ 15ని 20 చేయలేదు. తాగిన ఎంతోసేపటికి కక్కితే పోయేది బిర్యానీయే. ‘ఓ గంట ఆగి పోదాం’ అన్నది వీటన్నిటికంటే నమ్మకంగా వినిపించే మాట. 88 కాస్తా 73 అవుతుంది, అంతే. ‘మనలో తక్కువ తాగినవాడు నడుపుతాడు’ అన్నదీ ఇంతే. మరో దారి చూపిస్తున్నామని అనుకుంటూ చూపించే తప్పుడు దారులు ఇవి. మెసేజ్ రాసేవాడు వీటిలో ఒకటి పెడితే నిరాకరణకు అర్థం లేకుండా పోతుంది.

మెల్లగా పోనిద్దాం అనే వాదన సంగతీ చెప్పుకోవాలి. వేగం తగ్గితే దెబ్బ తీవ్రత తగ్గే మాట నిజమే. కానీ ఆల్కహాల్ ముందుగా దెబ్బతీసేది ఒకేసారి రెండు మూడు విషయాలు గమనించే శక్తిని. ఎదురు లారీ హెడ్‌లైట్లు, డివైడర్ లేని చోట అడ్డం వచ్చే బైకు, కుడివైపు అద్దం, వీటన్నిటి మధ్య చూపు తిరగాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. బ్రేకు మీద కాలు పడటం అర సెకను ఆలస్యమైతే ఎనిమిది మీటర్లు, అంటే రెండు కార్ల పొడవు. నలభైలో పోయినా తాగినవాడు ఆ అర సెకను పోగొట్టుకుంటూనే ఉంటాడు.

ఇక మెసేజ్ మాటల్లోకి వస్తే, దాని బరువంతా ‘రాను’ అన్న ఒక్క మాట మీద ఉంది. తెలుగులో కాదనడం అంత సులువు కాదు. విస్తరి ముందు కూర్చుని ‘చాలండీ, వద్దు’ అంటే ఇంకో రెండు గారెలు పడతాయి. మొదటిసారి వద్దనడం మొహమాటమనీ, రెండోసారి బలవంతం చేయడమే ఆప్యాయత అనీ అందరికీ తెలిసిన ఒప్పందం. ఆ ఒప్పందమే పార్కింగ్‌లో కూడా నడుస్తుంది. ‘వద్దులేరా, నేను ఎట్లనో వెళ్తాలే’ అంటే అవతలివాడికి వినబడేది ‘ఇంకోసారి అడుగు’ అనే. ‘ఏందిరా ఫార్మాలిటీలు, ఎక్కు’ అని చెయ్యి పట్టి లాగుతాడు. లాగడం కూడా ప్రేమే, అందుకే తోసేయలేం.

‘రాలేను’ అన్నా తలుపు ఓరగా వదిలినట్టే. రాలేకపోవడానికి ఒక అడ్డంకి ఉండాలి, అడ్డంకి ఉంటే తీసేయొచ్చు. ‘మీ ఇల్లు అటు కదా, ఏం కాదు, తిప్పి దింపుతా’. ‘రాను’ దగ్గర తీసేయడానికి ఏమీ లేదు. అది తన ఒంటి గురించి తాను చేసుకున్న నిర్ణయం, ఎదుటివాడి ఒప్పుదల అక్కర్లేదు. దానికి కారణం కూడా జత చేయకపోవడం గమనించాలి. పోలీసుల పేరు చెబితే ‘ఇవాళ సుచిత్ర సర్కిల్ దగ్గర చెకింగ్ లేదు, గ్రూపులో పెట్టారు’ అంటాడు. ఇంట్లో కోప్పడతారంటే ‘ఆంటీకి నేను చెప్తాలే’ అంటాడు. ఇచ్చిన ప్రతి కారణమూ అతనికి ఒక పిడి అవుతుంది.

ఒట్టి ‘రాను’తో ఆగిపోతే మాత్రం మొరటుగా ఉంటుంది, పైగా అది ఒక ప్రాణాన్నే కాపాడుతుంది. తాగినవాడు ఒంటరిగా కారెక్కి పోతాడు. ‘ఇంకాసేపుండి వస్తాలే, నువ్వు పో’ అనే సాకుకు ఉన్న లోటు కూడా ఇదే. గొడవ లేకుండా తప్పుకున్నాడు, స్నేహితుణ్ని మాత్రం రోడ్డు మీదికి సాగనంపాడు. అందుకే రెండో వాక్యానికి పని ఉంది. ‘క్యాబ్ బుక్ చేశా’. చేద్దామా అని కాదు, చేశా. తాగిన మనిషి కొత్తగా ఒక ఏర్పాటు చేసుకోవడానికి బద్ధకిస్తాడు. ఫోన్ తీయాలి, లొకేషన్ పెట్టాలి, డ్రైవర్‌తో మాట్లాడాలి. చేతిలో తాళం ఉన్నప్పుడు అదంతా పెద్ద పని. ఎవరో చేసి పెట్టేసి, టైమూ గేటూ చెబితే బద్ధకం అటువైపే మొగ్గుతుంది. ‘నువ్వూ రా’లోని దీర్ఘం చిన్నదే కానీ, అది లేకపోతే మిగిలినదంతా వదిలించుకోవడం కింద లెక్క. ‘ముందు నిన్ను దింపి’ అన్నది దాన్ని గట్టి చేస్తుంది.

కారు గురించిన వాక్యాన్ని చాలామంది మర్చిపోతారు. తాగినవాడి మొండితనంలో సగం గర్వమైతే, సగం నిజమైన బెంగ. కారు ఇక్కడ వదిలేస్తే ఎవరన్నా గీకితే? రేపు ఆఫీసుకెట్లా? పొద్దున్నే ఇంట్లో ‘కారేది’ అంటే ఏం చెప్పాలి? వాచ్‌మన్‌కి చెప్పడం, మర్నాడు వెళ్లే టైము పెట్టడం ఈ బెంగకు జవాబు. లెక్క ప్రకారం తొమ్మిదికి ఈ మనిషి రక్తం శుభ్రంగా ఉంటుంది. మూడుకు బదులు ఆరేడు పెగ్గులు పడి ఉంటే తొమ్మిది కూడా చాలదు, సాయంత్రం అనుకోవాలి.

కారు అక్కడ వదలడం కుదరదంటే యాక్టింగ్ డ్రైవర్ ఉన్నాడు. గంటల లెక్కన డబ్బు తీసుకుని మన కారును మన ఇంటికే చేర్చే మనిషి. హైదరాబాద్‌లో యాప్‌లలోనూ దొరుకుతారు, ఎవరి దగ్గరన్నా నంబరుంటే ఫోన్ కొట్టినా వస్తారు. జపాన్‌లో ఇదే పనిని ‘దైకో’ అంటారు. అక్కడ ఇద్దరు ఒక బండిలో వస్తారు, ఒకరు కస్టమర్ కారు నడుపుతారు, రెండోవారు వెనక తమ బండిలో వచ్చి మొదటివారిని తిరిగి తీసుకుపోతారు. మన యాక్టింగ్ డ్రైవర్ కష్టం ఇక్కడే. శామీర్‌పేట దాకా రావాలి, కూకట్‌పల్లిలో దిగాక అర్ధరాత్రి తన ఇంటికి తాను పోవాలి. పదకొండు తర్వాత ఫోన్ చేస్తే ‘ఇప్పుడు కష్టం సార్’ అనడానికి కారణం ఇదే. పెళ్లికి బయల్దేరేటప్పుడే మాట్లాడుకుంటే వస్తాడు.

జపాన్ మాట వచ్చింది కాబట్టి, పక్కసీటు మనిషి గురించి ఆ దేశం తీసుకున్న నిర్ణయం కూడా తెలుసుకోదగ్గదే. 2006 ఆగస్టులో ఫుకుఓకాలో ఒక తాగిన డ్రైవర్ వెనక నుంచి గుద్దడంతో ఒక కుటుంబం కారు వంతెన మీంచి సముద్రంలో పడి ముగ్గురు చిన్నపిల్లలు చనిపోయారు. దేశమంతా కదిలిపోయింది. మరుసటి ఏడాది చట్టం మార్చి, డ్రైవర్ తాగాడని తెలిసీ తీసుకెళ్లమని అడిగి ఎక్కినవాడికీ, మందు పోసినవాడికీ, బండి ఇచ్చినవాడికీ శిక్షలు పెట్టారు. మన చట్టంలో 188వ సెక్షన్ తాగి నడపడానికి ప్రోత్సహించినవాడికీ 185 కింద ఉన్న శిక్షే అంటుంది. ఆ శిక్ష మొదటిసారైతే ఆరు నెలల దాకా జైలు, పదివేల జరిమానా, లేదా రెండూ. పక్కన కూర్చున్న ప్రతివాడూ ప్రోత్సహించినట్టేనా అన్నది వేరే చర్చ, దాన్ని తేల్చాల్సింది కోర్టు. 2022 అక్టోబరులో చెన్నై ట్రాఫిక్ పోలీసులు మాత్రం అవునన్నట్టే చేసి, తాగిన డ్రైవర్‌తో పాటు ప్రయాణిస్తున్నవాళ్లకూ జరిమానా వేస్తామని ప్రకటించారు. అయితే ఈ సెక్షన్లేవీ మెసేజ్‌లో పెట్టేవి కావు. పార్కింగ్‌లో సెక్షన్ నంబరు చెప్పినవాడి మాట ఎవడూ వినడు.

మెసేజ్ ఎందుకు, పది అడుగులు నడిచి చెవిలో చెప్పొచ్చుగా? చెప్పొచ్చు. కానీ చుట్టూ నలుగురున్నారు. నలుగురి ముందు ‘నీ కారులో రాను’ అంటే పరువు ప్రశ్న. పైగా ఆ నలుగురూ తాగే ఉన్నారు, వాళ్లు ఎవరి పక్షమో చెప్పక్కర్లేదు. ఫోన్‌లో వస్తే చదివినవాడు ఎవరికీ తెలియకుండా ఒప్పుకోవచ్చు. ‘నాకు నిద్రొస్తుంది, క్యాబ్‌లో పోతున్నాం’ అని తన మాటగా చెప్పుకోవచ్చు. ఆ వెసులుబాటు ఇవ్వడమే మెసేజ్ చేసే అసలు ఉపకారం. గ్రూపులో పెడితే అది పోతుంది. పొడుగ్గా రాసినా పోతుంది. మూడు పెగ్గుల కళ్లు ఐదు చిన్న వాక్యాల కంటే ఎక్కువ చదవవు.

మామా, రేయ్ అని పిలుచుకునేచోట ఇదంతా సరే. కారు నడిపేది టీమ్ లీడో, మేనమామో, వయసులో పదేళ్లు పెద్దో అయితే? అక్కడ ‘రాను’ అనే మాట నోట రాదు, వచ్చినా పెంకితనం కింద తీసుకుంటారు. అప్పుడు దారి ముందు, నిరాకరణ వెనక రావాలి. ‘అన్నా, క్యాబ్ వచ్చేసింది, గేటు దగ్గరుంది. మీరూ రండి, మిమ్మల్ని దింపేసి వెళ్తా. కారు సెక్యూరిటీకి అప్పజెప్పా.’ ఇందులో కాదన్నది ఎక్కడా లేదు, జరిగిపోయిన ఏర్పాటు మాత్రమే ఉంది. గౌరవానికి లోటు లేదు, ఎక్కే ప్రసక్తీ లేదు. ఇది ఇంకో ఎత్తు, అంతే. స్నేహితుడి మెసేజ్ కంటే ఇది బలహీనమే, ఎందుకంటే ‘నువ్వెళ్లు, నేను వస్తా’ అని పెద్దాయన అంటే ఇంకో మాట మాట్లాడే చనువు ఉండదు. అప్పుడు చేయాల్సింది ఆయన దగ్గర మాట చెల్లే, ఆయన తిరిగి ఏమీ అనలేని మనిషికి ఫోన్ చేయడం. తరచుగా అది ఇంట్లోని ఆమె.

ఆడపిల్ల విషయంలో లెక్క ఇంకోలా ఉంటుంది. తాగిన స్నేహితుడి కారు కాదంటే ఆమెకు మిగిలేది అర్ధరాత్రి తెలియని డ్రైవర్‌తో ఒంటరి ప్రయాణం. ఆ భయం చూపించి చాలామందిని తాగినవాడి పక్కసీట్లో కూర్చోబెడతారు, ‘తెలిసినవాడు కదా’ అని. ఆమెకు మరో దారి అంటే క్యాబ్ ఒక్కటే చాలదు. తోడు ఇంకో మనిషి, ఇంట్లోవాళ్లకు లైవ్ లొకేషన్, లేదా ఆ రాత్రికి అక్కడే పడక. నిజానికి ఊళ్లలో అందరికీ ఉన్న దారి అదే. కరీంనగర్ పక్క పల్లెలోనో, అమలాపురం దాటాకో పెళ్లయితే రాత్రి క్యాబ్ అనేదే ఉండదు. ‘పెళ్లివారింట్లో రెండు చాపలు అడిగా, పొద్దున కాఫీ తాగి పోదాం’ అన్నది అక్కడ చక్కటి మెసేజ్.

చెడిపోయేచోట్లు కూడా ఉన్నాయి. అన్నిటికంటే మామూలుది క్యాబ్ రాకపోవడం. శివారులో రాత్రి బుక్ చేస్తే డ్రైవర్ ఫోన్ చేసి ‘ఎక్కడికన్నా? క్యాషా, ఆన్‌లైనా?’ అని అడిగి, విన్నాక క్యాన్సిల్ కొడతాడు. రెండు క్యాన్సిళ్లు అయ్యేసరికి కారున్నవాడు ‘చూశావా, చెప్పలే?’ అని తాళం తిప్పుతాడు. మెసేజ్‌కున్న బలమంతా ‘చేశా’ అన్న మాటలో ఉంది కాబట్టి, డ్రైవర్ కదిలాడని స్క్రీన్ మీద చూశాకే అది పంపాలి. ఇంకా మంచిది, పదిన్నరకే, చివరి పెగ్గు కంటే ముందే బుక్ చేసుకోవడం. రెండోది, మెసేజ్ చూడకుండానే స్టీరింగ్ ముందు కూర్చోవడం. అప్పుడు వాదన కాదు, తాళం కావాలి. చేతిలోంచి గుంజుకుంటే తోపులాట అవుతుంది, తాగినవాడితో తోపులాటలో దెబ్బలు తగులుతాయి. ‘నా బ్యాగు డిక్కీలో ఉంది, ఓసారి తాళం ఇవ్వు’ అని తీసుకుని జేబులో వేసుకోవడం మేలు. అదీ కుదరక కారు కదిలిపోతే 112కి ఫోన్ చేసి బండి నంబరు, వెళ్తున్న దారి చెప్పడం మిగులుతుంది. స్నేహితుణ్ని పోలీసులకు పట్టించడం మాటలతో ఒప్పుకునేంత సులువు కాదు. కానీ ఆ సమయంలో అతనికంటే ముందు తలుచుకోవాల్సింది ఎదురుగా వస్తున్నవాళ్లను. 2016 జులై 1న పంజాగుట్ట దగ్గర తాగిన యువకుల కారు డివైడర్ ఎక్కి అవతలివైపు కారు మీద పడింది. ప్రాణాలు పోయింది ఆ రెండో కారులో ఉన్న కుటుంబంలోనివాళ్లకు, వాళ్లలో ఒక చిన్నారి కూడా ఉంది.

మెసేజ్‌కు జవాబు సాధారణంగా మాటల్లో రాదు. ఒక బొటనవేలు, లేదా ఒక తిట్టు, లేదా ఏమీ రాకుండా నేరుగా మనిషే గేటు వైపు వస్తాడు. క్యాబ్‌లో పడుకుంటాడు. పరీక్ష మర్నాడు పొద్దున ఉంటుంది. ‘9కి ఇద్దరం’ అన్నవాడు తొమ్మిదిన్నర దాకా ఫోన్ ఎత్తకపోతే, తలనొప్పితో ఒక్కడే ఆటో పట్టుకుని శామీర్‌పేట దాకా వెళ్లి, పార్కింగ్ వాడితో మాట్లాడి, కారు తెచ్చుకున్నవాడు వచ్చే పెళ్లిలో అదే మెసేజ్‌ను చదివి ఫోన్ జేబులో పెట్టేస్తాడు.